చచ్చిన ఎంజైము

కృపారాణి మేడంకు ముక్కు మీద కోపం. కామారెడ్డిలో ఆమె బయోకెమిస్ట్రీ చెప్పే డిగ్రీ కాలేజీలో ఈ సంగతి తెలియని పిల్లలు లేరు. పాఠం మాత్రం ఆమెలాగా చెప్పేవాళ్ళు కూడా లేరు. అందుకే తిట్లు పడుతూనే ముందు బెంచీల కోసం కొట్లాడుకునేవాళ్ళు.

కణం చక్కెరను ఎలా కాలుస్తుందో, ఎప్పుడు కాల్చడం ఆపుతుందో చెప్పే పాఠం ఆమెకు ప్రాణం. పుస్తకం తెరవకుండా మొదలుపెట్టేది.

"మీ ఇంట్ల బియ్యం డ్రమ్ము నిండుగ ఉందనుకో. అయినా వడ్ల బస్తా నెత్తికెత్తుకొని గిర్నికి పోతరా?"

"పోం మేడం!"

"మీకే గంత తెలివి ఉంటే కణానికి ఉండదా?"

వడ్లంటే గ్లూకోజు. గిర్ని అంటే గ్లైకోలసిస్. గిర్ని మీట పేరు నోరు తిరగనంత పొడుగు, ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్. పిల్లలు ముద్దుగా పి.ఎఫ్.కె. అంటారు. గిర్ని ఆడగా ఆడగా చివరికి చేతికొచ్చే బియ్యం ఎ.టి.పి. అది డ్రమ్ము నిండా ఉంటే ఆ ఎ.టి.పి.యే పోయి మీటకు అతుక్కుని గిర్నిని నెమ్మది చేస్తుంది. ఇక్కడొక తిరకాసు ఉంది. ఎంజైము పని చేయాలన్నా కొంచెం ఎ.టి.పి. ఖర్చు పెట్టాలి. అంటే కొద్దిగా ఉంటే అదే ముడిసరుకు, మరీ ఎక్కువైతే అదే అడ్డుపుల్ల. గిర్ని దాటి పోయిన సరుకు లోపలి గదుల్లో పేరుకుపోతే అక్కడి నుంచి సిట్రేటు బయటికొచ్చి, లోపల జాగా లేదు ఆపమంటుంది. అది కూడా మీటను నొక్కి పెట్టేదే.

"మరి డ్రమ్ము అడుగంటితే?" అని అడిగేది కృపారాణి.

"గిన్నె పెట్టి గీకుతం మేడం!"

"ఆ గీకుడు చప్పుడే ఎ.ఎం.పి."

ఎ.టి.పి. ఖర్చై ఖర్చై అడుగున మిగిలేదే ఎ.ఎం.పి. అది పెరిగిందంటే ఇంట్లో బియ్యం అయిపోయినట్టు. అది మీట దగ్గరికి పోయి ఎ.టి.పి., సిట్రేటు పెట్టిన అడ్డును తీసేస్తుంది. గిర్ని మళ్ళీ తిరుగుతుంది. పాఠం అయిపోయేసరికి పిల్లలందరికీ తమ ఇంటి బియ్యం డ్రమ్ము కళ్ళ ముందు కనిపించేది.

ఆ పాఠం విని ఊరుకోని పిల్ల చందన ఒక్కతే. ఎల్లారెడ్డి అవతల తండా నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చే పిల్ల. పెద్దగా మాట్లాడదు. క్లాసు అయ్యాక వచ్చి, "మేడం, ఈ గీకుడు చప్పుడు మనం చూడొచ్చా?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నకు కృపారాణి కడుపు నిండిపోయింది. చివరి సంవత్సరం ప్రాజెక్టుగా అదే ఇచ్చింది. మేక తొడ మాంసాన్ని రుబ్బి రసం తీయాలి. అందులోని ఎంజైముకు ఎ.టి.పి. కొంచెం ఇచ్చి, ఎక్కువ ఇచ్చి, సిట్రేటు ఇచ్చి, ఎ.ఎం.పి. ఇచ్చి దాని నడక చూడాలి. మిషనులో ఒక అంకె కనిపిస్తుంది. ఎంజైము పని చేస్తుంటే ఆ అంకె దిగుతుంటుంది. ఎంత తొందరగా దిగితే ఎంజైము అంత చురుకు.

మొదటిసారి కామారెడ్డి మటన్ దుకాణం నుంచి తెచ్చిన మాంసంతో అన్నీ అనుకున్నట్టే వచ్చాయి. ఆ ఫలితాలు చూసే కృపారాణి హైదరాబాదులో ఒక పరిశోధనా సంస్థలో ఎండాకాలం శిక్షణకు చందన పేరు పంపింది. ఈ జిల్లాకంతా దక్కేది ఒక్క సీటు. అక్కడివాళ్ళు అడిగింది ఒక్కటే. ఇంకోసారి చేసి, అవే ఫలితాలు వస్తే పంపండి అని.

ఆ ఇంకోసారికే తండాలో భీక్యా, అంటే చందన తండ్రి, ఆదివారం పొద్దున మేక కోసిన చోట నిలబడి మరీ తొడ ముక్క తీయించాడు. కూతురి చదువుకు మేక మాంసం ఎందుకో ఆయనకు అర్థం కాలేదు. అయినా ఎల్లారెడ్డి దాకా పోయి చేపలమ్మేవాళ్ళ దగ్గర ఐసు తెచ్చాడు. ఐసు డబ్బాలో ప్లాస్టిక్ కవరు పెట్టుకుని చందన బస్సెక్కింది. ఆదివారం లాబు ఉండదు కాబట్టి ఇంట్లో ఇచ్చి పొమ్మని కృపారాణే చెప్పింది. ఆ పిల్ల వచ్చే వేళకు ఆమె చర్చిలో ఉంది. ఇంట్లో ఉన్న తల్లి ఎస్తేర్ డబ్బా తీసుకుని, పిల్లకు చాయ పోసి, అన్నం తిని పొమ్మని బలవంతపెట్టి పంపింది.

సాయంత్రం కృపారాణి ఫ్రిజ్ తెరిచింది. మాంసం ప్లాస్టిక్ కవరులో లేదు. తమ ఇంటి స్టీలు డబ్బాలో శుభ్రంగా ముక్కలై ఉంది. అది చూసింది. చూసి, తల్లి పనితనానికి సంబరపడి, తలుపు మూసింది. అడగాలని తోచలేదు.

సోమవారం రసం తీసి ఇచ్చి ఆమె పరీక్ష హాలుకు డ్యూటీకి పోయింది. మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి చందన మిషను పక్కన నిలబడి ఉంది. మొహంలో భయం, ఉత్సాహం రెండూ కలిసి ఉన్నాయి. లాబులో జూనియర్లు కూడా ఉన్నారు. కెమిస్ట్రీ చెప్పే నగేశ్ సారు ఏదో సీసా కోసం వచ్చి అక్కడే నిలబడ్డాడు.

"మేడం, ఈసారి అంకె దిగుతలేదు. కొంచెం కొంచెం అంతే. ఉత్తగ నిలబడ్డది."

"ఐసు కరిగి ఉంటది. బస్సుల మూత తీసినవా?"

"తియ్యలే మేడం. కానీ ఎ.ఎం.పి. వేస్తే లేస్తుంది మేడం! మంచిగ దిగుతుంది. చూడుండ్రి."

కృపారాణి కాగితం చూసింది. ఎ.ఎం.పి. లేని చోట ఏమీ లేదు. ఎ.ఎం.పి. వేసిన చోట పాఠంలో గీసిన బొమ్మలాగా చక్కగా దిగింది. మరీ అంత చక్కగా ఉండడమే ఆమెకు కారంలా తగిలింది. ఐసు కరిగి మాంసం పాడైతే ఎంజైము చచ్చిపోతుంది. చచ్చినదానికి ఎ.ఎం.పి. వేస్తే ఏమిటి, వేయకపోతే ఏమిటి? అంటే పొద్దున ఏమీ రాకపోయేసరికి పిల్ల భయపడి, పుస్తకంలో ఏముండాలో అది రాసుకొచ్చింది. ఇంత ఆలోచనా ఆమె బుర్రలో చిటికెలో అయిపోయింది.

"చచ్చిన ఎంజైము లేవదు చందనా."

"నేను చూసిన మేడం."

"ఏం చూసినవ్? నేను చెప్పిన పాఠం చూసినవా? సీటు కోసం అంకెలు పుట్టిస్తవా? గిసుంటి పని చేసేటోళ్ళు లాబుల ఉండొద్దు."

జూనియర్లు తలలు దించుకున్నారు. నగేశ్ సారు సీసా తీసుకుని చప్పుడు చేయకుండా పోయాడు. రసం ఇంకా ఐసులోనే ఉంది. ఒక్క గొట్టంలో పోసి, ఒక్క చుక్క ఎ.ఎం.పి. వేసి చూస్తే సరిపోయేది. చూడలేదు. సాయంత్రానికి రసం పారబోయించింది. ఆ కోపంలోనే హైదరాబాదుకు మెయిలు పెట్టింది, ఈ ఫలితాల మీద నాకు నమ్మకం లేదు, పేరు వెనక్కి తీసుకుంటున్నాను అని. మరునాటి నుంచి చందన కాలేజీకి రాలేదు.

తరువాతి ఆదివారం కృపారాణి చర్చి నుంచి వచ్చేసరికి వంటింట్లో నిమ్మకాయ వాసన. ఎస్తేర్ మటన్ ముక్కలకు ఉప్పు రాసి, నిమ్మకాయ పిండి, పిసికి పిసికి కడుగుతోంది. వాళ్ళింట్లో ఎప్పుడూ చేసే పనే. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే.

"గంత నిమ్మకాయ ఎందుకమ్మా?" అంది ఊరికే.

"నీసు వాసన పోవద్దా? మొన్న ఆ పిల్ల తెచ్చినదాన్ని గూడ గిట్లనే కడిగి పెట్టిన. బస్సుల వచ్చింది గదా, వాసన కొడుతుండె. రెండు కాయలు పిండిన. మంచిగైంది గదా బిడ్డా?"

కృపారాణి చేతిలోని బైబిలు సంచి అక్కడే గట్టు మీద పెట్టేసి కూర్చుంది. నిమ్మకాయలో ఉన్నది సిట్రిక్ ఆసిడ్. రసం తీసే ద్రావణంలో దాని పులుపు చచ్చిపోయి సిట్రేటుగా మిగులుతుంది. సిట్రేటు మీటను నొక్కి పెడుతుంది. ఎ.ఎం.పి. వస్తే వదులుతుంది. ఇరవై మందికి కాదు, వందలమందికి తనే చెప్పిన పాఠం. ఆ ఎంజైము చావలేదు. గొంతు నొక్కితే ఊరుకుంది, అంతే. చందన అది కళ్ళారా చూసి చెప్పింది.

"మంచిగైందమ్మా," అంది. తల్లిని ఏమనాలి? మాంసం ఎందుకు తెప్పించిందో ఆమెకు ఒక్క మాట చెప్పి ఉంటే కదా. స్టీలు డబ్బా కళ్ళతో చూసి కూడా నోరు విప్పి అడగని మనిషి తను.

సోమవారం పొద్దున మాంసం తెచ్చి రెండు భాగాలు చేసింది. ఒక భాగాన్ని తల్లి లెక్కనే నిమ్మకాయ, ఉప్పు వేసి కడిగింది. రెండోది అలాగే ఉంచింది. రెంటికీ ఒకే ద్రావణం, పులుపు తేడా రాకుండా రెంటినీ ఒకేలా సరిచేసింది. కడగనిది మంచిగా దిగింది. నిమ్మకాయది కదలనే లేదు. ఎ.ఎం.పి. వేసింది. అంకె దిగడం మొదలైంది. అనుమానం తీరక, కడగని రసంలో సీసాలోంచి తీసిన సిట్రేటు కొంచెం వేసి చూసింది. అదీ ఆగిపోయింది. దానికి ఎ.ఎం.పి. వేస్తే మళ్ళీ లేచింది. చందన చూపించిన బొమ్మే ఎదురుగా వస్తుంటే కృపారాణికి ఏడుపొచ్చింది. తప్పు చేశానని ఎవరో చెబితే వాదించవచ్చు. మిషనుతో ఏం వాదిస్తుంది?

హైదరాబాదుకు ఫోను చేసింది. అవతలి ప్రొఫెసరు మర్యాదగానే మాట్లాడాడు.

"మీరే కదమ్మా నమ్మకం లేదని రాశారు. ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేశాం. వాళ్ళను ఇప్పుడు ఏమని తీసేస్తాం?"

"తప్పు నాది సార్. ఆ అమ్మాయిది కాదు."

"అర్థమైందమ్మా. కానీ చేయగలిగింది లేదు."

ఆ మధ్యాహ్నమే సెలవు పెట్టి ఎల్లారెడ్డి బస్సెక్కింది. తాడ్వాయి దాటేదాకా ఏం చెప్పాలో మనసులో అల్లుకుంటూనే ఉంది. అన్నీ తనను తాను కాపాడుకునే మాటలే వస్తున్నాయి. నాకేం తెలుసు, మా అమ్మ చెప్పలేదు, పరీక్ష డ్యూటీ ఉండె. సిగ్గేసి, అల్లడం మానేసింది. ఎల్లారెడ్డిలో దిగి ఆటోలో తండాకు పోయింది.

భీక్యా ఇంటి ముందు మక్క కంకులు ఎండబోస్తున్నాడు. మేడంను చూసి గాబరాగా లేచి, తలకు చుట్టుకున్న తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు. భార్య చంద్రి లోపలికి పోయి మంచం తెచ్చి వేసింది. చెంబుతో నీళ్ళు తెచ్చింది. కృపారాణి నోరు తెరిచేలోపే భీక్యా అందుకున్నాడు.

"మాఫ్ చెయ్యండి మేడం. పిల్ల తప్పు గాదు. ఐసు తెచ్చింది నేను. ఆ దినం చేపలోళ్ళ దగ్గర తక్కువ దొరికింది. ఇంకోచోటికి పోతే బస్సు పోతదని గంతే పెట్టి పంపిన. నా వల్లనే మాంసం ఖరాబైంది. పిల్ల ఏడుస్తుంటే నాకే మనసున పడతలేదు. దాన్ని మళ్ళ రానియ్యుండ్రి. ఈసారి ఐసు ఎంతంటే గంత తెస్త."

కృపారాణి చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. వారం రోజులుగా ఈ మనిషి ఐసు తక్కువైందని కుమిలిపోతున్నాడు. కూతురికి మేడం మీద కోపం రాకుండా తప్పును తన మీద వేసుకున్నాడో, నిజంగానే నమ్మాడో. ఏదైనా ఒకటే. తనొక చుక్క వేసి చూడనందుకు ఇంతమంది ఏడ్చారు.

"అన్నా, ఐసు సరిపోయింది," అంది. "మాంసం ఖరాబు గాలే. మీరు చేసిన పనిల ఏ తప్పు లేదు. మీ బిడ్డ చెప్పింది నిజం. అబద్ధమన్నది నేను."

చందన వాకిట్లో గోడకు ఆనుకుని నిలబడి ఉంది. కృపారాణి ఆ పిల్ల వైపు తిరిగి అంతా చెప్పింది. నిమ్మకాయ, స్టీలు డబ్బా, పొద్దున చేసిన పరీక్ష, హైదరాబాదు ఫోను. ఏదీ దాచలేదు. సీటు పోయిందన్న మాట దగ్గర చంద్రి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చందన మాత్రం లెక్క అడిగింది.

"సిట్రేటు ఎంత వేస్తే ఆగింది మేడం?"

కృపారాణి చెప్పింది. ఆ పిల్ల తల ఊపింది. అప్పుడు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నాకే అనుమానమొచ్చింది మేడం. మీరు గంత గట్టిగ అన్నంక, నేను నిజంగ చూసిన్నా, చూడాలనుకున్నది చూసిన్నా అని. ఎన్నిసార్లు యాది చేసుకున్నా తెలుస్తలేదు."

సీటు పోగొట్టడం ఒక ఎత్తు. ఒక పిల్ల తన కళ్ళను తనే నమ్మకుండా చేయడం ఇంకో ఎత్తు. కృపారాణికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

"నన్ను తిట్టు బిడ్డా. ఏమన్నా పడతా."

"తిట్టను మేడం. కానీ అందరి ముంగట అన్నరు కదా. గిది గూడ అందరి ముంగటనే చెప్తరా?"

"చెప్త."

"మీ అవ్వ పేరు చెప్పకుండ్రి. ఆ దినం నాకు అన్నం పెట్టింది. కూర మళ్ళ మళ్ళ వేసింది. ఆమెకు తెలిస్తే బాధపడతది."

మరునాడు చందన వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. కృపారాణి ఆ రోజు లాబులో ఉన్న జూనియర్లనూ, నగేశ్ సారునూ కూడా క్లాసుకు పిలిచింది. అందరూ కూర్చున్నాక నిలబడే మాట్లాడింది.

"మొన్న ఈ అమ్మాయి అంకెలు పుట్టించిందన్న. అది తప్పు. ఆమె చెప్పిన ప్రతి అంకె నిజం. మాంసంల సిట్రేటు కలిసింది. అందుకే ఎంజైము ఆగింది, అందుకే ఎ.ఎం.పి. వేస్తే లేచింది. నేను మీకు ఏటేటా చెప్పే పాఠమే. నా కండ్ల ముంగట జరిగితే నేనే గుర్తుపట్టలే."

"సిట్రేటు ఎట్ల కలిసింది మేడం?" అన్నారు ఎవరో.

కృపారాణి వెనక బెంచీ వైపు చూసి అంది.

"మా ఇంట్ల. నిమ్మకాయతోని కడిగిన. నేనే కడిగిన."

చందన తలెత్తి చూసింది. ఆ రోజు చెప్పినవాటిలో అదొక్కటే నిజం కాదని ఆ గదిలో ఇద్దరికే తెలుసు. అయినా అది చెబుతుంటే కృపారాణికి అబద్ధం ఆడుతున్నట్టు అనిపించలేదు.

"మరి చందనక్క సీటు?" అని ఒక జూనియరు పిల్ల అడిగింది.

"పోయింది," అంది కృపారాణి. "నా వల్లనే పోయింది. తిరిగి రాదు."

ఆమె చాక్‌పీసు తీసి చందన వైపు చాపింది. ఆ పిల్ల లేచి వచ్చి బోర్డు మీద రెండు గీతలు గీసింది. ఒకటి ఎటూ కదలనిది, రెండోది దిగేది. దిగే గీత పక్కన ఎ.ఎం.పి. అని రాసింది. పిల్లలు అడిగినవాటికి జవాబులు చెప్పింది.

అందరూ పోయాక బోర్డు తుడుస్తూ అంది.

"వచ్చే వారం మళ్ళ చేద్దాం మేడం. మూడోసారి గూడ గిట్లనే రావాలె కదా. మా బాపు ఆదివారం మాంసం తీపిస్త అంటుండు."

కృపారాణికి ప్రాణం లేచి వచ్చినట్టయింది. "తెచ్చి మా ఇంట్ల ఇయ్యి, ఈసారి నేను ఇంట్లనే ఉంట," అంది ఆత్రంగా.

చందన డస్టరు బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుంది.

"వద్దు మేడం," అంది మెల్లగా. "మీ ఇంటికి తేను. సోమవారం పొద్దున సీదా లాబుకే తెస్త."